పెండ్లి సంబంధంలో క్వీన్ ఆఫ్ కప్స్, కింగ్ ఆఫ్ పెంటకల్స్

టారో కార్డులు చూసి సంబంధాల మంచిచెడ్డలు చెప్పేవారు తాము భవిష్యత్తు చెప్పడం లేదని, వధూవరుల స్వభావాన్ని మాత్రమే చూపిస్తున్నామని అంటారు. ఈ మాట వినడానికి అణకువగా ఉన్నా, జాతకం చెప్పేవారు చేసే వాగ్దానం కన్నా ఇది పెద్దది. ఎందుకంటే భవిష్యత్తు గురించి చెప్పిన మాట తప్పయితే ఏదో ఒకనాడు ఆ సంగతి బయటపడుతుంది, కానీ ఎన్నడూ చూడని మనిషి మనసు ఎలాంటిదో ఒక బొమ్మ చెప్పిందని ఇంటిల్లిపాదీ నమ్మిన తర్వాత ఆ మనిషి నవ్వినా ఏడ్చినా, మాట్లాడినా మౌనంగా ఉన్నా, అన్నీ ఆ బొమ్మకు సాక్ష్యాలుగానే లెక్కకు వస్తాయి. ఈ పద్ధతిలో ఆదర్శ దంపతులుగా చూపించే జంట క్వీన్ ఆఫ్ కప్స్, కింగ్ ఆఫ్ పెంటకల్స్. మొదటి కార్డు వస్తే అమ్మాయి ప్రేమమయి, ఓర్పు గలది, అత్తింటిని కలుపుకుపోయేది అని, రెండో కార్డు వస్తే అబ్బాయి నిలకడ గలవాడు, సంపాదనాపరుడు, భార్యాబిడ్డలకు లోటు రానివ్వనివాడు అని అర్థం చెబుతారు. ఈ జోస్యం ఇప్పుడు ఫోను తెర మీద తెలుగులోనే దొరుకుతున్నది కనుక, మంచిర్యాల జిల్లాలోని మందమర్రి వంటి బొగ్గుగని పట్టణంలో కూతురి పెండ్లి కోసం దిగులు పడే తల్లి దానిని వినడానికి హైదరాబాద్ వెళ్లవలసిన పని లేదు.

ఈ నమ్మకాన్ని పరీక్షించే ముందు ఆ కార్డుల కట్ట ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. టారో కట్టలో 78 కార్డులు ఉంటాయి. అందులో మరణం, సూర్యుడు, ప్రేమికులు వంటి బొమ్మలు గల 22 కార్డులను మేజర్ ఆర్కానా అని, మిగిలిన 56 కార్డులను మైనర్ ఆర్కానా అని పిలుస్తారు. ఈ 56 కార్డులు పేకముక్కల్లాగే నాలుగు రంగులుగా ఉంటాయి. కప్స్ అంటే పానపాత్రలు, పెంటకల్స్ అంటే ఐదు కోణాల నక్షత్రం గల నాణేలు, స్వోర్డ్స్ అంటే కత్తులు, వాండ్స్ అంటే కర్రలు. వాడుకలో కప్స్‌ను ఆటీనుకు, పెంటకల్స్‌ను డైమనుకు, స్వోర్డ్స్‌ను ఇస్పేటుకు, వాండ్స్‌ను కళావరుకు సమానంగా చూస్తారు. ప్రతి రంగులో ఒకటి నుంచి పది దాకా అంకె ముక్కలు, వాటి పైన పేజ్, నైట్, క్వీన్, కింగ్ అనే నాలుగు కొలువు ముక్కలు ఉంటాయి కనుక మొత్తం కొలువు ముక్కలు 16. ఆ లెక్కన క్వీన్ ఆఫ్ కప్స్ ఆటీను రాణికి, కింగ్ ఆఫ్ పెంటకల్స్ డైమను రాజుకు అతి దగ్గరి చుట్టాలు. రమ్మీ ఆటలో ఆటీను రాణి చేతికి వచ్చినందువల్ల ఎవరికీ గుణవతి అయిన భార్య దొరకదని తెలిసిన కుటుంబమే, అదే ముక్కను కాస్త పెద్ద కాగితం మీద రంగుల బొమ్మగా చూసినప్పుడు చేతులు జోడించడం బాధ కలిగించే విషయం.

ఈ ముక్కల పుట్టుక గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఇవి 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట కోసం పుట్టాయి. 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి రచయిత వీటిని ప్రాచీన ఈజిప్టు జ్ఞానభాండారమని ప్రకటించాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియోఁ ఛేదించడం 1822లో మొదలైంది, అంటే ఆ ప్రకటన చేసిన నాటికి ఈజిప్టు రాతల్లో ఏముందో చదవగలిగినవారు లోకంలో ఒక్కరు కూడా లేరు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆర్థర్ ఎడ్వర్డ్ వేట్ అనే రచయిత సూచనల ప్రకారం పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి వాటిని గీసింది. వేల ఏండ్ల నాటి రహస్యం అని చెప్పే ఈ కట్ట వయసు సింగరేణిలో బొగ్గు తవ్వకం వయసు కన్నా తక్కువ, ఎందుకంటే ఇల్లెందు ప్రాంతంలో తవ్వకం 1889 నాటికే మొదలైంది.

ఆ రెండు బొమ్మలను దగ్గరగా చూస్తే వాటికి అంటగట్టిన గుణాలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమవుతుంది. క్వీన్ ఆఫ్ కప్స్ బొమ్మలో ఒక తెల్లజాతి రాణి సముద్రపు ఒడ్డున, పసిపిల్లల ఆకారాలు చెక్కిన సింహాసనం మీద కూర్చుని, రెండు చేతులతో పట్టుకున్న మూత గల పెద్ద పాత్రనే చూస్తూ ఉంటుంది. ఆమె కాళ్ల దగ్గరి దాకా నీరు ఉంటుంది. నీరు కనిపించింది కనుక భావోద్వేగం, పాత్ర మూసి ఉంది కనుక లోలోపలి మనసు, పసిపిల్లలు ఉన్నారు కనుక మాతృత్వం అని అర్థాలు అల్లారు. కింగ్ ఆఫ్ పెంటకల్స్ బొమ్మలో ఎద్దు తలలు చెక్కిన సింహాసనం మీద, ద్రాక్షగుత్తుల అద్దకం గల అంగరఖా తొడుక్కున్న రాజు ఒక చేత రాజదండం, మరో చేత పెద్ద నాణెం పట్టుకుని కూర్చుని ఉంటాడు, వెనుక కోట కనిపిస్తుంది. నాణెం ఉంది కనుక సంపద, ఎద్దు ఉంది కనుక స్థిరత్వం, కోట ఉంది కనుక భద్రత అన్నారు. బొమ్మలో ఏమి గీయాలో ఒక మనిషి నిర్ణయించాడు, గీసిన దానికి ఆయనే అర్థం రాశాడు. ఈ పనిలో ఎక్కడా ఒక పెండ్లికూతురిని గానీ ఒక పెండ్లికొడుకును గానీ పరిశీలించడం జరగలేదు.

వేట్ 1911లో అచ్చువేయించిన ది పిక్టోరియల్ కీ టు ది టారో అనే పుస్తకం ఈ విద్యకు మూలగ్రంథం వంటిది. ఎవరి గురించి ప్రశ్న అడుగుతున్నారో ఆ మనిషికి ప్రతినిధిగా ఏ కొలువు ముక్కను ఎంచుకోవాలో అందులో స్పష్టమైన నియమం ఉంది. పురుషుడికి నలభై ఏండ్లు దాటితే నైట్, దాటకపోతే కింగ్, స్త్రీకి నలభై దాటితే క్వీన్, దాటకపోతే పేజ్ తీసుకోవాలి. రంగును మనిషి జుట్టు, కళ్లు, ఒంటి ఛాయ చూసి నిర్ణయించాలి. లేత గోధుమ రంగు జుట్టు, బూడిద లేదా నీలి కళ్లు ఉన్నవారు కప్స్, నల్లని జుట్టు, నల్లని కళ్లు, చామనఛాయ లేదా నలుపు ఉన్నవారు పెంటకల్స్. ఈ నియమాన్ని మందమర్రికి తెస్తే, పెండ్లి వయసులో ఉన్న ఏ అమ్మాయికీ క్వీన్ ప్రతినిధి కాలేదు, ఎందుకంటే ఆమెకు నలభై నిండలేదు. ఆ పట్టణంలోని స్త్రీపురుషులు దాదాపు అందరూ, గనిలోకి దిగే కార్మికుడి నుంచి బడిలో పాఠం చెప్పే పంతులమ్మ దాకా, ఒకే రంగుకు, అంటే పెంటకల్స్‌కు చెందుతారు. మనుషులను ఒంటి రంగుతో నాలుగు పెట్టెల్లో వేసిన ఆనాటి ఇంగ్లండు అహంకారం ఈ నియమంలో అచ్చుగుద్దినట్టు ఉన్నది. ఈనాడు కార్డులు చెప్పేవారు వయసు, రంగుల నియమాన్ని చప్పుడు చేయకుండా వదిలేశారు, గుణాల జాబితాను మాత్రం ఉంచుకున్నారు. ఏ పరీక్ష చేసి ఒకటి వదిలారో, ఏ పరీక్ష చేసి మరొకటి ఉంచారో అడిగితే సమాధానం ఉండదు.

అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. మనిషి స్వభావం ముందే తెలిసి ఉంటే రంగు నియమాన్ని పక్కన పెట్టి, ఆ స్వభావానికి తగిన ముక్కను ఎంచుకోవచ్చునని వేట్ వెసులుబాటు ఇచ్చాడు. అంటే మూలగ్రంథం ప్రకారం తెలిసిన స్వభావాన్ని బట్టి ముక్కను ఎంచుకోవాలి. పెండ్లి సంబంధాల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు, ఇక్కడ తెలియని మనిషికి వచ్చిన ముక్కను బట్టి స్వభావాన్ని అంటగడుతున్నారు. ఇక అర్థాల సంగతి చూస్తే, నిటారుగా వచ్చిన క్వీన్ ఆఫ్ కప్స్ నిజాయితీ, అనురాగం గల స్త్రీ, ఉత్తమ ఇల్లాలు, మంచి తల్లి. తలకిందులుగా వస్తే ఏమిటన్న దాని మీద అభిప్రాయాలు ఒకటిగా లేవని వేట్ స్వయంగా ఒప్పుకుని, మంచి స్త్రీ అని ఒకచోటి అర్థాన్ని, నమ్మదగనిది, చెడునడత గలది అని మరొకచోటి అర్థాన్ని పక్కపక్కనే రాశాడు. ఒక అమ్మాయి శీలం గురించి ఒకే ముక్క మంచి అని, చెడు అని రెండూ చెప్పగలిగినప్పుడు, ఆ ముక్క నిజానికి ఏమీ చెప్పడం లేదు, చెప్పేది పక్కన కూర్చున్న మనిషి.

ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో అర్థం కావడానికి మందమర్రిలో ఒక సంబంధాన్ని ఊహించి చూడవచ్చు. అమ్మాయికి 23 ఏండ్లు, డిగ్రీ పూర్తయింది, తండ్రి సింగరేణిలో రిటైర్మెంటుకు దగ్గర పడ్డ కార్మికుడు. అబ్బాయికి 29 ఏండ్లు, తండ్రి ఉద్యోగం వారసత్వంగా వచ్చి భూగర్భ గనిలో పనిచేస్తున్నాడు. కులం, కట్నం, పొలం, ఉద్యోగం పర్మనెంటా కాంట్రాక్టా అన్న సంగతి, ఇవన్నీ పెద్దలు ముందే మాట్లాడుకున్నారు. అమ్మాయి పుట్టిన గడియ ఎవరూ రాసిపెట్టలేదు, బడిలో వేయించిన పుట్టినతేదీ అసలుది కాదు. అటువంటి ఇళ్లలో ఇంతకాలం పేరులోని మొదటి అక్షరం పట్టుకుని పేరుబలం చూసేవారు. టారోకు ఆ అక్షరం కూడా అక్కరలేదు కనుక, జాతకం లేనివారికి అది సులువైన దారిగా కనిపిస్తుంది. తల్లి ఫోనులో మాట్లాడి డబ్బు పంపితే అవతలి మనిషి మూడు ముక్కలు తీసి, మొదటిది అమ్మాయి, రెండోది అబ్బాయి, మూడోది వారి కాపురం అని చెబుతుంది. మొదటి చోట క్వీన్ ఆఫ్ కప్స్, రెండో చోట కింగ్ ఆఫ్ పెంటకల్స్ వచ్చాయనుకుంటే, ‘మీ అమ్మాయిది సున్నితమైన మనసమ్మా, ఎంత కష్టమైనా లోపలే దాచుకుంటుంది, అబ్బాయి పైకి గట్టిగా కనిపించినా కుటుంబానికి అండగా ఉంటాడు’ అన్న మాట వెంటనే వస్తుంది.

ఇప్పుడు ఆ రెండు ముక్కలనూ తారుమారు చేసి చూడాలి. అమ్మాయి చోట కింగ్ ఆఫ్ పెంటకల్స్ వస్తే ఆమె ఇంటి ఖర్చు జాగ్రత్తగా నడిపే లక్ష్మి అవుతుంది, అబ్బాయి చోట క్వీన్ ఆఫ్ కప్స్ వస్తే అతడు భార్య మనసెరిగిన భర్త అవుతాడు, సంబంధం అప్పుడు కూడా కుదురుతుంది. రెండూ తలకిందులుగా వచ్చినా దారి మూసుకుపోదు. సంబంధం ఇష్టమైన తల్లికి ‘ఇప్పుడు మనసు కలతగా ఉంది, పెండ్లయితే కుదుటపడుతుంది’ అని, ఇష్టం లేని తల్లికి ‘అమ్మాయి మాటిమాటికి అలిగే మనిషి, అబ్బాయి డబ్బు మనిషి’ అని చెప్పవచ్చు. చెప్పే మనిషి మోసగత్తె కానక్కరలేదు. తల్లి గొంతులోని ఆత్రుత, అడిగిన ప్రశ్నలోని మొగ్గు ఆమెకు తెలియకుండానే దారి చూపిస్తాయి. ముక్కలు ఏవి వచ్చినా చివరికి తేలేది, కట్నం దగ్గర, ఉద్యోగం దగ్గర పెద్దలు అప్పటికే చేసుకున్న నిర్ణయమే.

ఇంత అరుదైన జంట వరుసగా రావడం యాదృచ్ఛికం ఎలా అవుతుందని నమ్మేవారు అడుగుతారు. లెక్క వేస్తే మొదటి చోట ఫలానా ముక్క, రెండో చోట ఫలానా ముక్క రావడానికి 6,006లో ఒక్క అవకాశం ఉంటుంది. అయితే ఈ లెక్క కట్టలోని ఏ రెండు ముక్కల వరుసకైనా సమానంగానే వర్తిస్తుంది, త్రీ ఆఫ్ వాండ్స్ పక్కన సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ రావడం కూడా అంతే అరుదు. ముక్కలు తీసిన ప్రతిసారీ 6,006లో ఒకటైన వరుస ఏదో ఒకటి వచ్చి తీరుతుంది కనుక ఆ అరుదుదనానికి అర్థం లేదు. పది ముక్కలు పరిచే పద్ధతిలో 16 కొలువు ముక్కల్లో కనీసం ఒక్కటి కనిపించే అవకాశం 91 శాతం, అంటే ఏ ఇంటి ప్రశ్నకైనా బల్ల మీద ఒక కొలువు ముక్క దాదాపు తప్పకుండా ప్రత్యక్షమవుతుంది. ముక్క నిజంగా స్వభావాన్నే చూపిస్తే, పది నిమిషాల్లో మనిషి స్వభావం మారదు కనుక, కట్టను మళ్లీ కలిపి తీసినప్పుడు అమ్మాయి చోట అదే ముక్క రావాలి. అలా రావడానికి 78లో ఒక్కటే అవకాశం. ఒకే ప్రశ్నను వెంటనే మళ్లీ అడగకూడదనే నియమాన్ని కార్డులు చెప్పేవారు ఎందుకు గట్టిగా పాటిస్తారో ఈ లెక్కతో తెలిసిపోతుంది.

అయినా విన్నవారికి ‘మా అమ్మాయి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పింది’ అని ఎందుకు అనిపిస్తుందన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రంలో పాత సమాధానమే ఉంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ఆచార్యుడు తన 39 మంది విద్యార్థులకు, వారివారి స్వభావ విశ్లేషణ అని చెప్పి కాగితాలు పంచి, అది ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు వచ్చాయి. అందరికీ ఇచ్చినది ఒకే కాగితమని, అందులోని వాక్యాలు చాలావరకు వీధి అంగట్లో అమ్మే జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవని తర్వాత చెప్పాడు. కష్టాన్ని లోపలే దాచుకుంటుంది అన్న మాట మన సమాజంలో పెరిగిన ఏ ఆడపిల్లకు వర్తించదు? దాచుకోవడమే మర్యాద అని చిన్ననాటి నుంచి నేర్పించిన ఇల్లే, ఒక ముక్క ఆ సంగతి కనిపెట్టిందని ఆశ్చర్యపోతున్నది. మన దేశంలోనే జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో జాతకాల మీద చేసిన పరీక్షలో, చదువులో రాణించిన పిల్లల జాతకాలను, మానసిక ఎదుగుదల కుంటుపడిన పిల్లల జాతకాల నుంచి వేరు చేయమని అడిగితే, జవాబులు పంపిన 27 మంది జ్యోతిష్కుల సగటు 46 శాతం దగ్గర ఆగింది. బొమ్మాబొరుసూ వేసినా 50 శాతం వచ్చేది. జాతకానికి కనీసం పుట్టిన తేదీ అనే ఒక ఆధారం ఉన్నదని చెప్పుకుంటారు, కార్డుకు ఆ మాత్రం కూడా లేదు.

ఇక్కడి దాకా ఇది తెలివికి సంబంధించిన పొరపాటు. కానీ ఆ ముక్కల కింద పడి నలిగేది అమ్మాయి బతుకు కనుక దీనిని పొరపాటు అని వదిలేయడానికి వీలు లేదు. ఆ జంటలోనే ఒక అన్యాయం ఉంది. స్త్రీకి కేటాయించిన గుణాలన్నీ ఇతరుల కోసం ఉండవలసినవి, ప్రేమ, సహనం, మాతృత్వం. పురుషుడికి కేటాయించినవన్నీ అతడి సొంత ఆస్తులు, డబ్బు, పట్టు, పరపతి. రాణి చేతిలోని పాత్రకు మూత వేసి ఉంటే రాజు చేతిలోని నాణెం అందరికీ కనిపిస్తూ ఉంటుంది. పెండ్లి మాటల్లో ఈ అర్థాలు స్థిరపడితే, పర్మనెంటు ఉద్యోగం అనే ఒక్క సంగతి అబ్బాయికి గుణగణాలన్నిటినీ ఉచితంగా సంపాదించిపెడుతుంది, జీతం నిలకడగా వస్తుంది కనుక మనిషి కూడా నిలకడ గలవాడే అయిపోతాడు. అమ్మాయి చదివిన డిగ్రీ, చేయాలనుకున్న ఉద్యోగం, ఆమె కోపం, ఆమె ఇష్టాలు మాత్రం ఎక్కడా లెక్కకు రావు, ఎందుకంటే కప్స్ రాణికి అవి ఉండకూడదు.

మంచి ముక్క వచ్చినందువల్ల జరిగే హాని చెడ్డ ముక్క వల్ల జరిగేదాని కన్నా తక్కువ కాదు. ఓర్పు గలదని ముందే ముద్ర వేయించుకుని అత్తింట అడుగుపెట్టిన అమ్మాయి, తాగి వచ్చిన భర్త చేయి చేసుకున్న రాత్రి తల్లికి ఫోను చేస్తే, ఆ తల్లి మనసులో ముందుగా మెదిలేది ఆమె గాయం కాదు, కార్డు చెప్పిన మాట. నీది సర్దుకుపోయే గుణం బిడ్డా, అతడు పైకి గట్టి మనిషేగానీ లోపల మంచివాడే అన్న ఓదార్పు అప్పుడే తయారుగా ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019–21 నాటి లెక్కల ప్రకారం, తెలంగాణలో పెండ్లయిన 18 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో ఏదో ఒకనాడు హింసను అనుభవించినవారు. ప్రతి మూడిండ్లలో ఒక ఇంటికి పైగా ఈ ప్రమాదం ఉన్న చోట, అబ్బాయికి కోపం వస్తే ఏం చేస్తాడో తెలుసుకోవడం కన్నా ముఖ్యమైన విచారణ ఏముంటుంది? ఆ విచారణ జరగవలసిన చోటనే ద్రాక్షగుత్తుల అంగరఖా తొడుక్కున్న రాజు బొమ్మను పెట్టి తృప్తి పడుతున్నారు.

చెడ్డ ముక్క వచ్చిన అమ్మాయి గతి వేరు. అవతలి ఇంటివారు తమ వైపు నుంచి కార్డులు చూపించుకుని, అమ్మాయి చోట తలకిందులైన రాణి వచ్చిందని విని వెనక్కి పోతే, కారణం సూటిగా చెప్పరు, ఎవరికో చెబుతారు. మందమర్రి వంటి పట్టణంలో కంపెనీ క్వార్టర్ల వరుసలో ఒక గోడకు అటూ ఇటూ రెండు కుటుంబాలు, ఒకే షిఫ్టులో దిగే మగవాళ్లు, ఒకే నల్లా దగ్గర నిలబడే ఆడవాళ్లు ఉన్న చోట ఆ మాట సాయంత్రానికి వాడంతా తిరుగుతుంది. ఎన్నడూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడని పిల్లకు మనసు నిలకడ లేనిదన్న పేరు వస్తుంది. జాతకంలో దోషం ఉందంటే శాంతి చేయించి, ఎంత మూర్ఖంగానైనా, దాని నుంచి బయటపడే తంతు ఒకటి ఉంటుంది, స్వభావంలోనే దోషం ఉందన్న మాటకు మాత్రం శాంతి లేదు. ఆ పిల్ల తన మనసు నిలకడగానే ఉందని ఎవరి ముందు, ఏ రుజువుతో నిరూపించుకోవాలి?

సంతలో చిలుక జోస్యం చెప్పేవాడి దగ్గర కూడా ఇటువంటి కట్టే ఉండేది. పంజరంలోంచి బయటికి వచ్చిన చిలుక ఒక ముక్కను ముక్కున కరిచి లాగేది, దాని మీద దేవుడి బొమ్మ ఉండేది, చెప్పేవాడు ఆ బొమ్మను బట్టి ఫలం చెప్పేవాడు. చదువుకున్నవారు దానిని మూఢనమ్మకం అన్నారు, అనడం న్యాయమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల చిలుకను అలా బంధించడం నేరం కూడా అయింది. అదే పనిని చిలుక లేకుండా, ఇంగ్లిషు పేర్లతో, డిగ్రీ చదివిన మనిషి చేస్తే అది స్వభావ విశ్లేషణ అయిపోతున్నది. సంతలో చిలుక చెప్పిన మాటను ఆ సాయంత్రానికి మరిచిపోయేవారు, దాని మీద ఒక అమ్మాయి గుణం ఎటువంటిదో తేల్చేవారు కాదు.

నిజానికి పెండ్లి మాటల్లో అన్నిటికన్నా సులువుగా తెలుసుకోగలిగినది స్వభావమే, అందుకు ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవాలి, నాలుగు చోట్ల విచారించాలి. కింగ్ ఆఫ్ పెంటకల్స్ చెప్పలేని సంగతులు సింగరేణి కార్మికుడి పే స్లిప్పు చెబుతుంది. అందులో ఆ నెల మస్టర్లు, అంటే పనికి వెళ్లిన రోజులు ఎన్నో ఉంటుంది. బదిలీ వర్కర్‌ను జనరల్ మజ్దూర్‌గా క్రమబద్ధం చేయడానికి కంపెనీ చూసే కొలమానం భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు, ఉపరితలంలో 240. ఈ లెక్క తెలిసినవారికి ఒక ఏడాది పే స్లిప్పులు చూస్తే అబ్బాయి పనికి వెళుతున్నాడా, నాగాలు పెడుతున్నాడా అన్నది తెలుస్తుంది. నాగాలకు ఆరోగ్యం కారణం కావచ్చు, అప్పుడు ఆ సంగతే అడగాలి, తాగుడు కారణం కావచ్చు, అప్పుడు అది కూడా అడగాలి. కోతల గడిలో ఏయే అప్పులకు ఎంత పోతున్నదో, చేతికి ఎంత వస్తున్నదో కనిపిస్తుంది. దానికి తోడు అతడితో ఒకే షిఫ్టులో దిగే ఇద్దరిని, పక్క క్వార్టరులోని ఆడమనిషిని అడిగితే, ఇంట్లో తల్లితో, అక్కచెల్లెండ్లతో ఎలా మాట్లాడతాడో చెబుతారు. పే స్లిప్పు కూడా మనసును చూపించదు, ఇరుగుపొరుగు కూడా అబద్ధం చెప్పవచ్చు, కానీ వాళ్లు చెప్పినది తప్పయితే మరో మనిషిని అడిగి తేల్చుకోవచ్చు, ముక్క చెప్పినది తప్పని తేల్చుకునే దారి ఏదీ లేదు.

అమ్మాయి విషయంలో ఆ పాటి విచారణ కూడా అక్కరలేదు, ఆమె ఆ ఇంట్లోనే, వంటగదిలోనే ఉంది. కార్డులకు డబ్బు పంపే తల్లి ఆ ఫోను పక్కన పెట్టి, ఈ సంబంధం నీకు ఇష్టమేనా, పెండ్లయ్యాక ఉద్యోగం చేస్తానంటే వాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేస్తావు, అతడిని నువ్వు అడగాలనుకున్నది ఏమైనా ఉందా అని కూతురిని అడిగితే, జవాబు చెప్పడానికి సముద్రపు ఒడ్డున సింహాసనం మీద కూర్చున్న రాణి అవసరం రాదు. ఆ ప్రశ్నలు అడగకపోవడానికి అసలు కారణం, వాటికి జవాబు ‘ఇష్టం లేదు’ అని రావచ్చుననే భయం. ముక్క ఎన్నడూ ఆ మాట అనదు. 23 ఏండ్ల ఆడపిల్ల అనగలదు, అన్నప్పుడు అప్పటికే మాట్లాడుకున్న కట్నం, పెట్టుకున్న ముహూర్తం, ఇచ్చిన మాట అన్నీ ఆగిపోతాయి.